తొమ్మిదంగుళాల గోడ మీద రెండంతస్తుల బడి: కిటికీల మధ్య గోడముక్కకు డిజైన్ నోట్ రాయడం ఎలా?

బడి భవనానికి ఫ్రేమ్ లేకుండా ఇటుక గోడల మీదే స్లాబ్ వేస్తామంటే, ఎక్కువ డిజైన్ నోట్‌లు ఒకే తీరులో ఉంటాయి. మీటరు గోడకు ఇంత బరువు, గోడ మందం 230 మి.మీ., ఒత్తిడి ఇంత, అనుమతించేది ఇంత, కాబట్టి సరిపోయింది అని ముగిస్తారు. ఆ లెక్క కిటికీలు లేని గోడకు చెల్లుతుంది. తరగతి గదికి వెలుతురు కావాలి కాబట్టి బడిలో అలాంటి గోడ దాదాపు ఉండదు. బరువంతా రెండు కిటికీల మధ్య మిగిలిన గోడముక్క మీదుగా కిందికి దిగుతుంది. సైట్లో దాన్ని పియర్ అంటాం. నోట్ ఆ పియర్ గురించి రాయాలి.

ఉదాహరణకు ఒంగోలు పరిసరాల్లో రెండంతస్తుల బడి కడుతున్నామనుకుందాం. ఒక్కో గది లోపలి కొలత 6.0 × 7.3 మీటర్లు. గదుల మధ్య అడ్డగోడలు, ముందు వరండా, వెనక కిటికీల గోడ. అన్నీ తొమ్మిదంగుళాల గోడలే, అంటే 230 మి.మీ. స్లాబ్ మందం 160 మి.మీ., అంతస్తు ఎత్తు 3.3 మీటర్లు. ఆర్కిటెక్ట్ వెనక గోడలో 1.2 మీ. వెడల్పు, 1.5 మీ. ఎత్తు ఉన్న కిటికీలు మూడు గీశాడు. చివర్లలో 0.95 మీ. చొప్పున, కిటికీల మధ్య 0.9 మీ. చొప్పున గోడ మిగిలింది. బొమ్మలో చూడముచ్చటగా ఉంది. లెక్కలో మాత్రం రెండు చోట్ల తప్పింది.

మొదట కిటికీల మొత్తం వెడల్పు చూడండి

బరువుల జోలికి పోకముందే చేయాల్సిన పని ఇది. రెండు నిమిషాలు చాలు. ఇక్కడ తప్పితే మిగతా లెక్క వృథా.

ఒంగోలు భూకంప జోన్ 3లో ఉంది. 1967 మార్చిలో అక్కడ వచ్చిన భూకంపం తీవ్రత 5.4. బడికి ప్రాముఖ్య గుణకం 1.5 కాబట్టి, జోన్ 3లోని బడిని భూకంపానికి తట్టుకునే కట్టడాల కోడ్ ఐ.ఎస్. 4326 ప్రకారం కేటగిరీ డిలో పెట్టి చూస్తాను. ఆ కేటగిరీలో రెండంతస్తుల భవనానికి, రెండు అడ్డగోడల మధ్య ఉన్న గోడ పొడవులో తలుపులు, కిటికీల వెడల్పు మొత్తం 0.42 వంతు మించకూడదు. రెండు కిటికీల మధ్య గోడ 560 మి.మీ.కి తగ్గకూడదు. మూల నుంచి మొదటి కిటికీ 450 మి.మీ. అయినా దూరంగా ఉండాలి.

మన గోడలో మూడు కిటికీలు కలిపి 3.6 మీ. దాన్ని 7.3తో భాగిస్తే 0.49. పరిమితి దాటింది. 7.3లో 0.42 వంతు అంటే 3.07 మీ. అంతకన్నా ఎక్కువ తెరవడానికి వీల్లేదు. కాబట్టి కిటికీలను ఒక్కో మీటరుకు కుదించి మూడే ఉంచాను. మొత్తం 3.0 మీ., నిష్పత్తి 0.41. మధ్య పియర్లు 1.0 మీ. చొప్పున, చివరి ముక్కలు 1.15 మీ. చొప్పున వచ్చాయి. వెలుతురు తగ్గిందని ఆర్కిటెక్ట్ అంటే కిటికీ ఎత్తు పెంచడం గురించి మాట్లాడవచ్చు. అయితే ఆ ఎత్తు కూడా ఉచితం కాదని తర్వాతి లెక్కలోనే తెలుస్తుంది.

స్లెండర్‌నెస్: పది సెంటీమీటర్ల తేడాతో గోడ స్తంభమవుతుంది

గోడ ఎంత బక్కగా ఉందో చెప్పేదే స్లెండర్‌నెస్ రేషియో. లెక్కలోకి తీసుకునే ఎత్తును మందంతో భాగిస్తే వస్తుంది. పైనా కిందా కాంక్రీటు స్లాబ్ గోడ మీద గట్టిగా కూర్చుని గోడను పక్కకు జరగనీయకుండా, తిరగనీయకుండా పట్టుకుంటే, ఆ ఎత్తును అసలు ఎత్తులో 0.75 వంతుగా తీసుకోమంటుంది ఇటుక గోడల డిజైన్ కోడ్ ఐ.ఎస్. 1905. అడ్డగోడల మధ్య పొడవుతో కూడా ఈ నిష్పత్తి కట్టి, రెండింటిలో చిన్నది వాడుకోవచ్చు. కానీ 7.3 మీటర్ల గదిలో పొడవు వల్ల మనకు ఒరిగేదేమీ లేదు, ఎత్తే నిర్ణయిస్తుంది.

గోడగా చూస్తే: 0.75 × 3.3 = 2.475 మీ. దాన్ని 0.23తో భాగిస్తే 10.8. సిమెంటు మోర్టారు గోడకు 27 వరకు అనుమతి ఉంది కాబట్టి దిగులు లేదనిపిస్తుంది.

చాలా నోట్‌లు ఇక్కడే ఆగిపోతాయి. కోడ్ నిర్వచనాల్లో ఇంకో మాట ఉంది. బరువు మోసే ముక్క వెడల్పు దాని మందానికి నాలుగు రెట్లు మించకపోతే అది గోడ కాదు, స్తంభం. 230 మి.మీ.కి నాలుగు రెట్లు 920 మి.మీ. ఆర్కిటెక్ట్ ఇచ్చిన 0.9 మీ. పియర్ ఆ గీతకు రెండు సెంటీమీటర్లు లోపల పడింది. స్తంభమయ్యాక రెండు సంగతులు మారతాయి. కిటికీ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది, పరిమితి 27 నుంచి 12కు పడిపోతుంది.

0.75 × 3.3 + 0.25 × 1.5 = 2.85 మీ.
2.85 / 0.23 = 12.4

అంటే 12 దాటింది, పియర్ తప్పింది. బరువు ఒక్క కిలో కూడా లెక్కపెట్టకముందే తప్పింది. కిటికీని 1.8 మీ. ఎత్తు చేస్తే ఇది 12.7 అవుతుంది. ఎత్తు ఉచితం కాదన్నది అందుకే.

మనం మార్చిన 1.0 మీ. పియర్ 920 దాటింది కాబట్టి కోడ్ దృష్టిలో గోడ. 10.8 రాసుకుని ముందుకు పోవచ్చు. నేను అలా చేయను. 900 మి.మీ. ఉన్నప్పుడు 12.4గా ఉన్న బక్కతనం, 1000 మి.మీ. కాగానే ఒక్కసారిగా 10.8కి దిగిందంటే ఇటుక నమ్మదు. వెడల్పు మందానికి ఐదారు రెట్లలోపు ఉన్న పియర్లకు కిటికీ ఎత్తు కలిపిన నిష్పత్తినే వాడతాను. పరిమితి 27గానే ఉంటుంది, తగ్గింపు గుణకం మాత్రం 12.4కు తీసుకుంటాను. దీనివల్ల పోయేది నాలుగైదు శాతం బలం.

కింది అంతస్తులో ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలన్నది ఇంకో చిక్కు. పునాది ఫుటింగ్ పైభాగం నుంచి కొలవమంటుంది కోడ్. ఇక్కడ ప్లింత్ వరకు గోడ మందం 345 మి.మీ., రెండు వైపులా మట్టి దిమ్మిస చేసి నింపారు, ప్లింత్ మట్టానికి కాంక్రీటు బ్యాండ్ ఉంది. అందుకే బ్యాండ్ నుంచి 3.3 మీ. తీసుకున్నాను. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఫుటింగ్ నుంచే కొలవాలి. ఫుటింగ్ 0.9 మీ. లోతులో ఉంటే ఎత్తు 4.2 మీ. అవుతుంది, నిష్పత్తి 15.3కి చేరుతుంది. చివర్లో దానికీ ఒకసారి లెక్క చూస్తాను. ఇంకో మాట: చెమ్మ పైకి రాకుండా వేసే పొరకు, అంటే డి.పి.సి.గా, తారు అట్ట పరిస్తే గోడకూ పునాదికీ పట్టు పోతుంది, 0.75 వాడే హక్కు కూడా దానితో పోతుంది. కాంక్రీటు డి.పి.సి. అయితే ఆ ఇబ్బంది లేదు.

పియర్ మీదికి వచ్చే బరువు

స్లాబ్ నాలుగు గోడల మీదా కూర్చుంది కాబట్టి, పొడుగు గోడకు బరువు మధ్యలో ఎక్కువగా, చివర్లలో తక్కువగా వస్తుంది. సగటు కడితే 1.83 మీటర్ల స్లాబ్ బరువే వస్తుంది. మధ్య పియర్లకు అది చాలా తక్కువ. సగటుతో సరిపెట్టిన నోట్‌లు నేను చూశాను. శిఖరం దగ్గర విలువ 3.1 మీ., అంటే స్లాబ్ స్పాన్ 6.2 మీ.లో సగం. మన పియర్లకు నిజంగా వచ్చేది దీనికన్నా కాస్త తక్కువే అయినా 3.1నే ఉంచుతాను.

కప్పు మీద స్లాబ్ సొంత బరువు 4.0, పై పూత 2.0, మనుషులు ఎక్కే కప్పు కాబట్టి లైవ్ లోడ్ 1.5, మొత్తం చదరపు మీటరుకు 7.5 కిలోన్యూటన్లు. మొదటి అంతస్తు స్లాబ్‌కు 4.0, గచ్చుకు 1.25, తరగతి గది లైవ్ లోడ్ 3.0, మొత్తం 8.25. ప్లాస్టరుతో కలిపి తొమ్మిదంగుళాల గోడ చదరపు మీటరుకు 5.2.

ఒక్కో పియర్ తన మీటరుతో పాటు రెండు వైపులా సగం సగం కిటికీ మీది బరువునూ మోస్తుంది. అంటే 2.0 మీ. గోడ. కింది అంతస్తు కిటికీ సిల్ మట్టానికి లెక్క ఇలా వస్తుంది, అన్నీ కిలోన్యూటన్లలో:

కప్పు నుంచి 46.6
పిట్టగోడ, మీటరు ఎత్తు: 10.4
పై అంతస్తు గోడ, కిటికీ తీసేసి: 25.0
మొదటి అంతస్తు స్లాబ్ నుంచి 51.2
కింది గోడ, సిల్ పైభాగం వరకు: 15.6
మొత్తం 148.8, గుండ్రంగా 149

పియర్ విస్తీర్ణం 1.0 × 0.23 = 0.23 చ.మీ. ఒత్తిడి 0.65 న్యూటన్/చ.మి.మీ. విస్తీర్ణం 0.2 చ.మీ. కన్నా తక్కువైతే కోడ్ ఇంకో తగ్గింపు అడుగుతుంది. మనది దాటింది కాబట్టి అవసరం లేదు.

పాత బొమ్మలోని 0.9 మీ. పియర్‌కు ఇదే లెక్క చేస్తే 0.74 వస్తుంది. కిటికీని 20 సెంటీమీటర్లు పెంచినందుకు ఒత్తిడి ఏడో వంతు పెరిగింది. పియర్ సన్నబడటం, దాని మీదికి వచ్చే గోడ పొడవు పెరగడం, రెండూ ఒకేసారి జరుగుతాయి మరి.

ఎక్సెంట్రిసిటీ: స్లాబ్ అంచున పెట్టే ఇటుక సంగతి

బరువు గోడ మందానికి సరిగ్గా మధ్యలో దిగకుండా ఒక పక్కకు దిగితే, ఆ పక్కకు జరిగిన దూరమే ఎక్సెంట్రిసిటీ. బయటి గోడ మీద స్లాబ్ అంచు బయటికి కనిపించకూడదని మేస్త్రీ బయటి ముఖాన ఒక వరుస ఇటుక పెడతాడు. దాంతో స్లాబ్ గోడ మందమంతా ఆనదు, లోపలి వైపే ఆనుతుంది.

స్లాబ్ స్పాన్ గోడ మందానికి 30 రెట్లకన్నా తక్కువైతే, ఇలా కవరు ఇటుక ఉన్నచోట ఎక్సెంట్రిసిటీని మందంలో 12వ వంతుగా తీసుకోవచ్చని ఐ.ఎస్. 1905 అనుబంధం చెబుతుంది. 30 × 0.23 = 6.9 మీ. మన స్పాన్ 6.2 మీ. లోపలే ఉంది. 230/12 అంటే 19 మి.మీ. దీన్ని స్లాబ్ బరువుకు మాత్రమే వర్తింపజేయాలి. పై అంతస్తు నుంచి వచ్చే బరువు మధ్యలోనే దిగుతుందని భావిస్తాం.

పియర్ తలదగ్గర మొత్తం బరువు 133.2, అందులో స్లాబ్ బరువు 51.2. రెండూ కలిసిన ఎక్సెంట్రిసిటీ 51.2 × 19.2 / 133.2 = 7.4 మి.మీ. మందంతో భాగిస్తే 1/31. ఇది 1/24 లోపు ఉంది కాబట్టి వంపు ఒత్తిడిని విడిగా కలపనక్కర్లేదు.

నోట్‌కు ఇంతవరకు చాలు. సైట్‌కు చాలదు. ఆ 19 మి.మీ. వెనక ఉన్న జ్యామితి చూడండి. స్లాబ్ 190 మి.మీ. ఆని, బయట 40 మి.మీ. పలక లాంటిది ఉంటే ఆనిక మధ్యబిందువు గోడ మధ్యకు 20 మి.మీ. దూరంలో ఉంటుంది. కోడ్ అంకె దానికి సరిపోతుంది. మేస్త్రీ మాత్రం 40 మి.మీ. పలక వెతకడు, చేతికందిన సగం ఇటుక పెడతాడు. అప్పుడు ఆనిక 115 మి.మీ., ఎక్సెంట్రిసిటీ 57 మి.మీ., అంటే మందంలో నాలుగో వంతు. 12వ వంతు అనుకున్నది మూడింతలైంది.

దాని ఫలితం కింది అంతస్తులో ఇలా ఉంటుంది. పియర్ తలదగ్గర నేరు ఒత్తిడి 0.58. వంపు వల్ల మరో 0.33 కలుస్తుంది. లోపలి ముఖాన మొత్తం 0.91. మొత్తం బరువు మీద ఎక్సెంట్రిసిటీ మందంలో పదో వంతు. లింటెల్ మట్టానికి వచ్చేసరికి వంపు కొంత తగ్గుతుంది కానీ నేను తగ్గించకుండా రాశాను.

పై అంతస్తు పరిస్థితి ఇంకా ఘోరం. కప్పు కింద గోడ మీద పిట్టగోడ తప్ప మధ్యలో దిగే బరువు లేదు. మొత్తం 57లో స్లాబ్‌దే 46.6. ఎక్సెంట్రిసిటీ 47 మి.మీ., మందంలో ఐదో వంతు, అంటే 1/6 దాటింది. నేరు ఒత్తిడి 0.25, వంపు ఒత్తిడి 0.30. తేడా చూస్తే బయటి ముఖం 0.05 లాగుడులో ఉంది. ఇటుక గోడ నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగుడుకు కాదు. కొత్త బడి కట్టిన ఏడాదిలోపే కప్పు స్లాబ్ కింద బయటి వైపు అడ్డంగా సన్నని బీట కనిపిస్తుందే, దానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఎండకు కప్పు స్లాబ్ వ్యాకోచించి గోడను బయటికి నెట్టడం ఇంకొకటి. రెండూ ఒకే చోట పనిచేస్తాయి. నెట్టుడు వల్ల వచ్చిన బీట మూలల దగ్గర ఎక్కువగా, గది మధ్యలో తక్కువగా ఉంటుంది. ఆనిక చాలక వచ్చినది స్లాబ్ స్పాన్ ఎక్కువున్న మధ్య భాగంలోనే ముదురుగా కనిపిస్తుంది.

కాబట్టి కింది అంతస్తును బక్కతనం, బరువు ఏలతాయి. పై అంతస్తును ఎక్సెంట్రిసిటీ ఏలుతుంది. కింద సరిపోయింది కదా, పైన బరువు తక్కువే కదా అని పై గోడను లెక్కించకుండా వదిలేయకూడదు.

ఏ ఇటుక, ఏ మోర్టారు?

అనుమతించే ఒత్తిడి అంటే కోడ్ పట్టికలోని మూల ఒత్తిడిని తగ్గింపు గుణకం ksతో గుణించడం. నిష్పత్తి 12.4కు, ఎక్సెంట్రిసిటీ 1/24 దగ్గర ks = 0.816.

మన దగ్గర బట్టీ ఇటుక చాలాచోట్ల 3.5 నుంచి 5 న్యూటన్ల మధ్యే పలుకుతుంది. 5 న్యూటన్ల ఇటుక, 1:6 మోర్టారుతో మూల ఒత్తిడి 0.44. ks కలిపితే 0.36. మనకు కావాల్సింది 0.65. దగ్గరికి కూడా రాదు. ఇటుక 7.5 న్యూటన్లు, మోర్టారు 1:5 అయితే 0.74 × 0.816 = 0.60. ఇంకా తక్కువే. ఇటుక 10 న్యూటన్లు, మోర్టారు 1:5 అయితే 0.96 × 0.816 = 0.78. సరిపోయింది.

5 న్యూటన్ల ఇటుకతో 1:6కు బదులు 1:5 మోర్టారు వాడితే మూల ఒత్తిడి 0.44 నుంచి 0.50కి మాత్రమే పెరుగుతుంది. ఇటుక మెత్తగా ఉన్నప్పుడు సిమెంటు దండిగా పోస్తే గోడ గట్టిపడదు.

10 న్యూటన్ల ఫ్లైయాష్ ఇటుక తీసుకున్నామనుకుని మిగతా రెండు పరీక్షలూ చూద్దాం. ఎత్తును ఫుటింగ్ నుంచి కొలిస్తే నిష్పత్తి 15.3, ks 0.73, అనుమతి 0.70. మన 0.65 దాని లోపలే ఉంది. మేస్త్రీ సగం ఇటుక కవరు పెట్టేశాడనుకుంటే ks 0.79. ఎక్సెంట్రిసిటీ 1/24కూ 1/6కూ మధ్య ఉంది కాబట్టి అనుమతి 25 శాతం పెంచుకోవచ్చు: 0.96 × 0.79 × 1.25 = 0.95. ఒత్తిడి 0.91. గీత మీద నిలబడింది. 7.5 న్యూటన్ల ఇటుకైతే ఇదే చోట అనుమతి 0.73 మాత్రమే, గోడ తప్పినట్టే.

10 న్యూటన్ల ఇటుక దొరకని చోట కింది అంతస్తు గోడను 345 మి.మీ. చేయడమే దారి. అప్పుడు పై 230 గోడను బయటి ముఖానికి సమంగా కడితే, పై బరువంతా కింది గోడ మధ్యకు 57 మి.మీ. బయటికి దిగుతుంది. మందం పెంచితే అన్నీ తీరిపోయాయని వదిలేయకుండా ఆ లెక్క మళ్ళీ చేయాలి.

వరండా వైపు గోడకు వేరే పేజీ రాయండి. అక్కడ 2.1 మీ. తలుపు ఉంది కాబట్టి పెద్ద తెరుపు ఎత్తు 1.5 కాదు, 2.1. నిష్పత్తి 13.0 అవుతుంది. వరండా స్లాబ్ కలిసి, పిట్టగోడ తీసేస్తే తలుపు పక్క మీటరు పియర్ మీద ఒత్తిడి 0.73 దాకా వస్తుంది, అనుమతి 0.76. ఆ ముక్కను 1.15 మీ. చేసి, అందుకు కావాల్సిన 15 సెంటీమీటర్లు అడ్డగోడ పక్క ముక్క నుంచి తీసుకున్నాను. అక్కడ స్లాబ్ బరువు తక్కువ.

బొమ్మ మీద రాయాల్సినవి

లెక్క ఆఫీసు ఫైల్లో ఉంటుంది, గోడ కట్టేవాడి చేతిలో బొమ్మ ఉంటుంది. అందుకే నాలుగు మాటలు బొమ్మ మీదే రాస్తాను. ఇటుక బలం 10 న్యూటన్లు, లోడు వచ్చిన ప్రతిసారీ పరీక్ష. మోర్టారు 1:5. కిటికీల మధ్య గోడ, ప్లాస్టరు కాకుండా, 1000 మి.మీ.కి తగ్గరాదు. స్లాబ్ ఆనిక 190 మి.మీ.కి తగ్గరాదు. కేటగిరీ డికి కావాల్సిన లింటెల్ బ్యాండ్, మూలల్లోనూ కిటికీల పక్కల్లోనూ నిలువు కమ్మి వేరే షీట్‌లో ఉంటాయి.

కరెంటు పైపుల గురించి ఐదో మాట కూడా కావాలి. గోడలో నిలువు గాడి మందంలో మూడో వంతు, అడ్డ గాడి ఆరో వంతు మించకూడదని కోడ్ చెబుతుంది. 230 గోడలో అడ్డ గాడి అంటే 38 మి.మీ. అయినా మీటరు పియర్‌లో అడ్డ గాడికి నేను ఒప్పుకోను. స్విచ్ బోర్డును అడ్డగోడకు మార్చమంటాను. గోడలన్నీ లేచాక వచ్చిన ఎలక్ట్రీషియన్ గ్రైండర్‌తో ఒక పియర్‌కు అడ్డంగా 60 మి.మీ. గాడి కోసేస్తే, ఆ మట్టాన మిగిలేది 170 మి.మీ. గోడ. ఒత్తిడి 0.65 నుంచి 0.88కి పోతుంది. పైగా మిగిలిన గోడ మధ్య 30 మి.మీ. పక్కకు జరుగుతుంది కాబట్టి ఎక్సెంట్రిసిటీ కొత్తగా పుడుతుంది.

స్లాబ్ పోసే ముందురోజు సెంట్రింగ్ మీదికెక్కి, టేపు పట్టుకుని కవరు ఇటుక లోపలి అంచు నుంచి గోడ లోపలి ముఖం వరకు కొలవండి. ప్రతి పియర్ మీదా కొలవండి. 190 లేకపోతే ఆ వరుస తీయించడానికి అరపూట చాలు.